ఒక్క డోజీ చూసి కొనేయొచ్చా? 2020 మార్చి 24 నిఫ్టీ క్యాండిల్

కాకినాడ_కాజా

నిఫ్టీ పాత డైలీ చార్ట్ తిరగేస్తుంటే 2020 మార్చి 24న చక్కటి డోజీ, అంటే ఓపెన్, క్లోజ్ దాదాపు ఒకే చోట పడిన క్యాండిల్, కనబడింది. ఓపెన్ 7848.30, హై 8036.95, లో 7511.10, క్లోజ్ 7801.05. ముందు రోజు, అంటే 23న, ఒక్క రోజులోనే 13 శాతం దాకా పడిపోయి 7610.25 దగ్గర ఆగింది. 25న చూస్తే 8317.85 దగ్గర క్లోజ్. కోవిడ్ పతనంలో అడుగు ఆ 7511 దగ్గరే పడింది.

నా ప్రశ్న ఇది. 24న మధ్యాహ్నం 3:25కి డోజీ ఏర్పడుతోందని తెలిసిపోతుంది కదా, అప్పుడే కొనేస్తే దాదాపు అట్టడుగున కొన్నట్టే. అయినా అందరూ "తర్వాతి క్యాండిల్ వచ్చేదాకా ఆగు" అంటారు. ఆగితే 500 పాయింట్లు చేజారిపోయాయి. ఆగడం వల్ల ఒరిగిందేంటి?

ఇంకో చిన్న సందేహం. 24న నిఫ్టీ 190 పాయింట్లు పెరిగింది. మరి క్యాండిల్ ఎర్రగా ఎందుకుంది? చార్ట్ తప్పా?

పచ్చక్యాండిల్

చార్ట్ తప్పేం కాదు బ్రో. పెద్ద ఎర్ర క్యాండిల్, మధ్యలో డోజీ, తర్వాత పెద్ద పచ్చ క్యాండిల్. ఇది పక్కా మార్నింగ్ స్టార్. డోజీ అంటేనే ట్రెండ్ తిరుగుతోందని అర్థం. బాగా పడ్డాక వస్తే కొనాలి, బాగా పెరిగాక వస్తే అమ్మాలి. కన్ఫర్మేషన్ కోసం కూర్చునేది భయస్తులు.

లెక్కల_మాస్టారు

ముందు రంగు సంగతి. క్యాండిల్ రంగుకి నిన్నటితో పనిలేదు. ఆ రోజు ఓపెన్ కన్నా క్లోజ్ కింద ఉంటే ఎరుపు, పైన ఉంటే పచ్చ. 24న మార్కెట్ నిన్నటి 7610.25 నుంచి ఎగిరి 7848.30 దగ్గర తెరుచుకుంది, 7801.05 దగ్గర ముగిసింది. నిన్నటితో పోలిస్తే 190.80 లాభం, తన ఓపెన్‌తో పోలిస్తే 47.25 నష్టం. రెండూ నిజాలే. డోజీల్లో ఓపెన్‌కీ క్లోజ్‌కీ మధ్య ఉండే బాడీ ఎంత సన్నగా ఉంటుందంటే, రంగుకి పెద్ద విలువ ఇవ్వనక్కర్లేదు.

ఇక అసలు విషయం. ఆ రోజు బాడీ 47.25 పాయింట్లు. హై నుంచి లో దాకా మొత్తం రేంజ్ 525.85. అంటే బాడీ రేంజ్‌లో 9 శాతం. ఎక్కువమంది పెట్టుకునే గీత 10 శాతం కాబట్టి డోజీ కింద లెక్క. కొందరు 5 శాతం గీత పెట్టుకుంటారు. వాళ్ళ చార్ట్‌లో ఇది డోజీయే కాదు. అదే 47 పాయింట్ల బాడీ, రేంజ్ 100 మాత్రమే ఉన్న నెమ్మదైన రోజున వస్తే దాన్ని ఎవరూ డోజీ అనరు. కాబట్టి కంటితో చూసి "సన్నగా ఉంది" అనుకోవడం కాదు, భాగించి చూడాలి. మొబైల్‌లో చార్ట్‌ని పైకీ కిందకీ సాగదీస్తే ఏ బాడీ అయినా సన్నగానో లావుగానో కనబడుతుంది.

ఇప్పుడు ఆ క్యాండిల్ ఏం చెప్పిందో చూడండి. ఓపెన్ దగ్గర్నుంచి అమ్మేవాళ్ళు 337 పాయింట్లు కిందకి లాగారు. కొనేవాళ్ళు ఓపెన్ మీద 188 పాయింట్లు పైకి తోశారు. అంత పెనుగులాట జరిగాక, 3:30కి ధర మొదలైన చోటికే వచ్చి నిలబడింది. తక్కెడ రెండు సిబ్బెల్లోనూ బరువు పడింది, ముల్లు మధ్యలో ఆగింది. ముల్లు మధ్యలో ఉంటే ఎటు మొగ్గబోతోందో ఎలా తెలుస్తుంది? పతనం తిరగబోయే ముందు ఇలాంటి క్యాండిల్ వస్తుంది. పడి పడి ఒక రోజు ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పడబోయే ముందూ ఇలాంటిదే వస్తుంది. 3:25కి ఆ రెంటికీ తేడా క్యాండిల్ లోపల ఎక్కడా లేదు. ఇదే అనిశ్చితి. "తిరిగింది" అన్న మాట డోజీ చెప్పదు, "ఇప్పటిదాకా ఒకవైపే ఉన్న పట్టు ఇవాళ సడలింది" అన్నంత వరకే చెబుతుంది.

అందుకే తర్వాతి క్యాండిల్. డోజీ హై, లో రెండూ రెండు గుమ్మాలు అనుకోండి. తర్వాతి రోజు 8036.95 పైన క్లోజ్ అయితే కొనేవాళ్ళు గెలిచారు. 7511.10 కింద క్లోజ్ అయితే అమ్మేవాళ్ళు గెలిచారు, పతనం కొనసాగుతోంది. మధ్యలో ముగిస్తే తగువు ఇంకా తెగలేదు.

పచ్చక్యాండిల్ గారూ, మార్నింగ్ స్టార్ మీద ఒక్క మాట. మధ్య క్యాండిల్ బాడీ, ముందు రోజు బాడీకి కింద విడిగా కనబడాలి. 23న బాడీ 7945.70 నుంచి 7610.25 వరకు. 24న బాడీ 7848.30 నుంచి 7801.05. ఇది దాని కడుపులోనే ఉంది. దీన్ని హరామి క్రాస్ అంటారు. పేరు ఏదైనా పని ఒకటే, కాకపోతే మార్నింగ్ స్టార్ అనేసరికి మూడో క్యాండిల్ పచ్చగా వచ్చేసినట్టే మనసు అనేసుకుంటుంది. 24 సాయంత్రానికి ఆ మూడో క్యాండిల్ లేదు. చార్ట్‌లో అదిప్పుడు కనబడుతోంది కాబట్టే మీకు ధైర్యం.

కాకినాడ_కాజా

రంగు సంగతి అర్థమైంది మాస్టారూ. కానీ 24 సాయంత్రం కొన్నవాడికీ 25 సాయంత్రం కొన్నవాడికీ మధ్య 516 పాయింట్ల తేడా ఉంది కదా. ఆ తేడా ఎవరు కడతారు?

లెక్కల_మాస్టారు

ఆ తేడాకి వాడు ఏం కొన్నాడో చూడండి. 24న మార్కెట్ మూసిన నాలుగున్నర గంటలకి, రాత్రి 8 గంటలకి, ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. 3:25కి కొన్నవాడికి ఆ సంగతి తెలియదు. రాత్రంతా పొజిషన్ చేతిలో ఉంది. మర్నాడు మార్కెట్ 7735.15 దగ్గర, అంటే కొన్న ధర కన్నా కింద, తెరుచుకుంది. 7714.75 దాకా పడింది. అక్కడి నుంచి లేచింది కాబట్టి ఇవాళ మనం దాన్ని అడుగు అంటున్నాం. 7200 దగ్గర తెరుచుకుని ఉంటే అదే డోజీని "పతనంలో ఒక మజిలీ" అనేవాళ్ళం. ఆ 516 పాయింట్లు మీరు కట్టింది ఆ రెండో అవకాశాన్ని కొట్టేయడానికి.

వరంగల్_వాసి

మాస్టారూ, మీరు చెప్పింది బాగనే ఉన్నది గని నాకు ఒకటి మింగుడు పడ్తలేదు. 24న రాత్రి అమెరికాల డౌ 11 శాతం పైన లేచింది. ఒక్క రోజుల 2112 పాయింట్లు. గదాని ఊపుకే మనది 25న లేచింది. ఇగ ఇండ్ల డోజీ చేసిందేమున్నది, కన్ఫర్మేషన్ చేసిందేమున్నది? డౌ పడి ఉంటే మీ డోజీ గంగల కలిసేది. క్యాండిల్‌కు కథ మనమే అల్లుతున్నం.

లెక్కల_మాస్టారు

సగం ఒప్పుకుంటాను. డోజీ వల్ల మార్కెట్ లేచిందని నేను అనలేదు, అనను కూడా. కారణం డౌ కావచ్చు, మరోటి కావచ్చు. కానీ మీ మాటే డోజీ ఒక్కదానితో కొనకూడదనడానికి సాక్ష్యం. ఫలితం తేల్చే సంగతి డోజీ మూసిన తర్వాత, ఇంకో దేశంలో, రాత్రిపూట జరిగింది. 3:25కి ఆ క్యాండిల్‌లో అది ఉండే వీలే లేదు. తర్వాతి క్యాండిల్‌లో మాత్రం డౌ, లాక్‌డౌన్, రెండూ విన్న జనం తీర్పు ఉంది. లాక్‌డౌన్ విని కూడా 7511 కిందకి తోయలేకపోయారన్నదే 25న దొరికిన సమాచారం.

వరంగల్_వాసి

గట్ల అంటే డోజీ ఎందుకు, ఉత్తగ 25న పెద్ద పచ్చ క్యాండిల్ చూసి కొంటే సరిపోదా?

స్టాప్‌లాస్_సుబ్బమ్మ

ఇది మంచి ప్రశ్న. డోజీ ఉంటే మనకి రెండు ధరలు ముందుగానే చేతికొస్తాయి, 8036.95, 7511.10. ఎక్కడ దాటితే లోపలికి వెళ్ళాలో, ఎక్కడ పోతే బయటికి రావాలో ముందు సాయంత్రమే కాగితం మీద రాసుకోవచ్చు. ఉత్త పచ్చ క్యాండిల్‌కి ఆ గీతలు ఉండవు. నా దృష్టిలో డోజీకి ఉన్న ఉపయోగం అంతే.

కానీ ఇక్కడ అందరూ కన్ఫర్మేషన్ వస్తే గట్టెక్కినట్టే మాట్లాడుతున్నారు. అదే నెలలో, 25 నుంచి నాలుగు క్యాండిల్స్ వెనక్కి వెళ్ళండి.

మార్చి 19: ఓపెన్ 8063.30, హై 8575.45, లో 7832.55, క్లోజ్ 8263.45.
మార్చి 20: ఓపెన్ 8284.45, హై 8883.00, లో 8178.20, క్లోజ్ 8745.45.

19న బాడీ 200, రేంజ్ 743. అంటే 27 శాతం. పక్కా డోజీ కాదు, దాన్ని స్పిన్నింగ్ టాప్ అంటారు, డోజీకి పెద్దన్నయ్య. చెప్పే మాట మాత్రం అదే: బాడీకి రెండు వైపులా పొడుగు తోకలు, తేలని తగువు. 20న క్లోజ్ దాని హై 8575.45 పైన, 170 పాయింట్లు ఎడంగా. పుస్తకంలో రాసినంత శుభ్రమైన కన్ఫర్మేషన్. శుక్రవారం సాయంత్రం 8745 దగ్గర కొన్నవాడు నష్టానికైనా అమ్మి బయటపడే ధర, అదే స్టాప్, 7832.55 కింద పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

సోమవారం 23న 7945.70 దగ్గర తెరుచుకుంది. శుక్రవారం ముగింపు కన్నా 800 పాయింట్లు కింద. ఇండెక్స్ 10 శాతం పడిందని ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు. చివరికి 7583.60 దాకా వెళ్ళి 7610.25 దగ్గర ముగిసింది. కన్ఫర్మేషన్ వచ్చిన మర్నాటికే స్టాప్ ఎగిరిపోయింది.

ఇంత జరిగినా నేను కన్ఫర్మేషన్ దండగ అనడం లేదు. డోజీ ఒక్కదాని కన్నా అది మెరుగే. కానీ అది వస్తే రిస్క్ పోదు, రిస్క్ ఎంతో లెక్కగట్టే వీలు వస్తుంది. ఆ లెక్క వేయకుండా కొనేవాడు డోజీ చూసి కొన్నా, కన్ఫర్మేషన్ చూసి కొన్నా ఒకటే.

పచ్చక్యాండిల్

అక్కా, 19న ఉన్నది డోజీ కాదు కదా, అందుకే ఫెయిల్ అయ్యింది. అసలు డోజీ అయితే అవ్వదు.

స్టాప్‌లాస్_సుబ్బమ్మ

బాడీ 27 శాతం బదులు 9 శాతం ఉంటే శని, ఆదివారాల్లో వచ్చిన వార్తలు మారిపోతాయా తమ్ముడూ? ఫెయిల్ అయ్యాక "అది అసలుది కాదు" అంటే ఏ ప్యాటర్నూ ఎప్పుడూ ఫెయిల్ కాదు.

కాకినాడ_కాజా

అయితే ఆ లెక్క ఒకసారి వేసి చూపించండి అక్కా. 25 సాయంత్రం 8317.85 దగ్గర కొంటే స్టాప్ ఎక్కడ, ఎంత కొనాలి?

స్టాప్‌లాస్_సుబ్బమ్మ

స్టాప్ డోజీ లో కింద. లెక్క సులువుగా ఉండటానికి 7511.10 అనుకుందాం, నిజానికి ఇంకొంచెం కిందే పెడతాం. 8317.85 లోంచి 7511.10 తీసేస్తే 806.75 పాయింట్లు, కొన్న ధరలో 9.7 శాతం. అప్పట్లో నిఫ్టీ ఫ్యూచర్స్ లాట్ 75. ఫ్యూచర్స్ ధర ఇండెక్స్‌కి కొంచెం అటూ ఇటూ ఉంటుందన్న మాట పక్కన పెడితే, ఒక్క లాట్ మీద నష్టం 60,500 రూపాయలు. 3 లక్షల అకౌంట్‌కి అది ఐదో వంతు. అంటే ఆ అకౌంట్‌లో ఈ ట్రేడ్ ఫ్యూచర్స్‌లో లేనట్టే.

అదే ఇండెక్స్‌లో నూరో వంతు ధరకి దొరికే నిఫ్టీ ఈటీఎఫ్‌లో చూద్దాం. యూనిట్‌కి రిస్క్ సుమారు 8 రూపాయల 7 పైసలు. 3 లక్షల్లో 1 శాతం, అంటే 3,000 పోయినా ఫర్వాలేదనుకుంటే 371 యూనిట్లు వస్తాయి. ఖర్చు దాదాపు 30,900. అంతే. "ఇంత చిన్నదా" అనిపిస్తుంది. డోజీ తోకలు అంత పొడుగ్గా ఉన్న రోజుల్లో అంత చిన్నగానే కొనాలి. పొడుగు తోకల డోజీ చూసి ఉత్సాహం పెరుగుతుంది, పరిమాణం మాత్రం తగ్గాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

స్టాప్ దూరంగా ఉందని కొందరు దాన్ని డోజీ మధ్యలోకి జరుపుతారు, 7775 అలా. 25 ఉదయం 7714.75 తాకిన సంగతి మాస్టారు చెప్పారు. 24న కొని అలా జరుపుకున్నవాడు అడుగున అమ్మేసి, మధ్యాహ్నం మార్కెట్ లేస్తుంటే చూస్తూ కూర్చునేవాడు. డోజీ లోపల ఏ ధరకీ అర్థం లేదు, ఆ రోజంతా మార్కెట్ దాని మీదుగా అటూ ఇటూ తిరిగింది కదా.

శ్రీకాకుళం_చిన్నోడు

మాస్టారూ నాకొక చిన్న షేరు ఉందండి. నాలుగు రోజులుగా వరసగా డోజీలే వస్తన్నాయి. చిన్న అడ్డగీత, అంతే, తోకలు కూడా లేవు. రోజురోజుకీ కిందకే దిగతంది. నాలుగు డోజీలు వచ్చాయంటే గట్టిగా తిరగబోతున్నట్టేనా? ఇంకొన్ని కొందామని చూస్తన్నాను.

లెక్కల_మాస్టారు

ఆగండి, ఆగండి. ఓపెన్, హై, లో, క్లోజ్ నాలుగూ ఒకే ధరా?

శ్రీకాకుళం_చిన్నోడు

అవునండి. మొదటి రోజు నాలుగూ 95. రెండో రోజు నాలుగూ 90.25.

లెక్కల_మాస్టారు

అది డోజీ కాదు. 100 నుంచి 95, అక్కడి నుంచి 90.25, సరిగ్గా 5 శాతం చొప్పున. లోయర్ సర్క్యూట్‌లో తాళం పడింది. ఆకారం డోజీలాగే కనబడుతుంది, అర్థం పూర్తిగా తలకిందులు. డోజీలో రెండు పక్షాలూ కొట్టుకుని సమానంగా నిలుస్తాయి. ఇక్కడ కొనేవాడే లేడు. అమ్మేవాళ్ళంతా సర్క్యూట్ ధర దగ్గర వరసలో నిలబడి ఉన్నారు, ధర ఇంకా కిందకి వెళ్ళే దారి లేక అక్కడ ఆగింది. దీన్ని మించి నిశ్చయం ఏముంటుంది!

మీ బ్రోకర్ యాప్‌లో మార్కెట్ డెప్త్ తెరవండి. కొనుగోలు వైపు సున్నాలు, అమ్మకం వైపు లక్షల్లో అంకె కనబడుతుంది. వాల్యూమ్ కూడా మామూలు రోజుల్లో దానికి పదో వంతు ఉండదు. తాళం తెరుచుకుని, పైకీ కిందకీ మామూలుగా ట్రేడ్ జరిగిన మొదటి రోజు వచ్చేదాకా దాని మీద ఏ క్యాండిల్ పేరూ పనిచేయదు. ఇంకా కొనడం మాత్రం వద్దు బాబూ.

డల్లాస్_రెడ్డి

ఇలాంటి గందరగోళం తప్పించుకోవడానికి ఒక షీట్ పెట్టుకుంటే చాలు. B లో ఓపెన్, C లో హై, D లో లో, E లో క్లోజ్ ఉన్నాయనుకోండి, తేదీలు పై నుంచి కిందకి పాత నుంచి కొత్తకి. F2 లో ఇది పెట్టండి:

```
=IF(C2=D2,"LOCK",IF(ABS(E2-B2)<=0.1*(C2-D2),"DOJI",""))
```

G2 లో ఇది:

```
=IF(F2="DOJI",IF(E3="","",IF(E3>C2,"UP",IF(E3<D2,"DOWN","WAIT"))),"")
```

చిన్నోడు గారి షేరు LOCK అని వస్తుంది. నిఫ్టీ మార్చి 24కి DOJI, పక్కన UP అని వచ్చింది. 19కి ఖాళీ. ఆ 0.1 ని 0.05 చేస్తే 24 కూడా ఖాళీ అయిపోతుంది, మాస్టారు చెప్పినట్టే. డోజీ వచ్చిన సాయంత్రం G గడి ఖాళీగా ఉంటుంది చూడండి, ఎందుకంటే రేపటి వరస ఇంకా లేదు. ఆ ఖాళీ గడిని చూసి కొంటున్నారన్నమాట, డోజీ ఒక్కదాంతో కొనేవాళ్ళు.

పచ్చక్యాండిల్

ఆ ఆఖరి మాట కొట్టింది అన్నా. సరే, ఒప్పుకున్నా. కానీ క్లోజ్ దాకా ఎందుకు ఆగాలి? 25న 8036.95 దాటిన క్షణాన కొంటే 280 పాయింట్లు మిగిలేవి. రిస్క్ కూడా 806 కాదు, 525.

లెక్కల_మాస్టారు

ఆ పద్ధతి ఉంది, చాలామంది చేస్తారు. ముందు సాయంత్రమే డోజీ హై పైన కొనుగోలు ఆర్డర్ పెట్టి వదిలేస్తారు. సుబ్బమ్మ గారి లెక్కలో 371 యూనిట్ల బదులు 570 వస్తాయి. చెల్లించే మూల్యం వేరే చోట ఉంది. ధర హై దాటి, నాలుగు ఆర్డర్లు లాగి, మళ్ళీ లోపలికి జారి, డోజీ మధ్యలో ముగిసే రోజులు ఉంటాయి. హై తాకడం అంటే ఒక క్షణం ఒకడు ఆ ధర ఇచ్చాడని. పైన క్లోజ్ అవ్వడం అంటే రోజంతా అమ్మేవాళ్ళకి అవకాశం ఇచ్చినా కిందకి నెట్టలేకపోయారని. రెండూ ఒకే బరువు సాక్ష్యాలు కావు.

క్లోజ్ కోసం ఆగేవాళ్ళకి మన దగ్గర ఒక చిక్కు ఉంది, ఇది చాలామందికి తెలియదు. క్యాష్ మార్కెట్‌లో షేరుకి ఎక్స్ఛేంజ్ ప్రకటించే క్లోజ్ 3:30కి జరిగిన ఆఖరి ట్రేడ్ కాదు. 3:00 నుంచి 3:30 దాకా జరిగిన ట్రేడ్ల వాల్యూమ్‌తో కలిపి తీసిన సగటు. షేరు చివరి ఐదు నిమిషాల్లో ఎగిరితే ఆఖరి ట్రేడ్ డోజీ హై పైన ఉంటుంది, అధికారిక క్లోజ్ కింద ఉంటుంది. కొన్ని చార్ట్‌లు ఆఖరి ట్రేడ్ వాడతాయి, కొన్ని అధికారిక క్లోజ్ వాడతాయి. ఇద్దరు స్నేహితులు ఒకే షేరు చూస్తూ ఒకడు "కన్ఫర్మ్ అయ్యింది" అని, ఇంకొకడు "కాలేదు" అని తగువు పడటం నిజంగా జరుగుతుంది. డోజీ అవునా కాదా అన్నది కూడా ఇలాగే మారుతుంది, సన్నటి బాడీ కదా, 2 రూపాయల తేడా చాలు. ఏ చార్ట్ వాడుతున్నారో దానికే కట్టుబడండి. హై మీద అర రూపాయి ఎడంతో వచ్చిన క్లోజ్‌ని కన్ఫర్మేషన్ అనకండి.

వరంగల్_వాసి

మధ్యల ముగిస్తే ఎన్ని దినాలు ఆగాలె? డల్లాస్ అన్న షీట్ల WAIT అని వస్తది గదా. ఇగ ఎప్పటిదాకా?

డల్లాస్_రెడ్డి

నేను ఒక్క క్యాండిలే చూస్తాను. మర్నాడు తేలకపోతే ఆ డోజీని కొట్టేస్తాను.

స్టాప్‌లాస్_సుబ్బమ్మ

నేను 3 దాకా ఇస్తాను. హై, లో గీతలు అలాగే ఉంచి, మూడో రోజుకి కూడా మధ్యలోనే ఉంటే చెరిపేస్తాను. దానికి కారణం అడిగితే గట్టిగా చెప్పలేను. మర్నాడు డోజీ లోపలే చిన్న క్యాండిల్ వస్తే అమ్మకాల జోరు తగ్గిందన్న మాట ఇంకొంచెం బలపడినట్టు నాకనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు

ఇక్కడ నాకూ సుబ్బమ్మ గారికీ కుదరదు. మూడు రోజులు డోజీ లోపలే తిరిగితే అది డోజీ కథ కాదు, చిన్న రేంజ్ ఏర్పడింది. దాని హై, లో వేరుగా గీసుకోవాలి. కానీ ఎక్కడ గీత గీయాలన్నది ఎవరి అలవాటు వాళ్ళది.

కాకినాడ_కాజా

ఇంకొకటి. 25న 8317.85 క్లోజ్ చూసి నిర్ణయించుకున్నవాడు, మర్నాడు ఉదయం కొందామంటే 26న ఓపెన్ 8451. అప్పుడు స్టాప్‌కి దూరం 940 పాయింట్లు. మరీ దూరం. డోజీ హై 8036.95 దాకా వెనక్కి వస్తే కొనమని ఒక ఆర్డర్ పెట్టుకుంటే? దాటిన గుమ్మం దగ్గరికి మళ్ళీ వస్తుంది అంటారుగా.

లెక్కల_మాస్టారు

వచ్చింది కూడా, దాదాపుగా. 27న 9038 దాకా వెళ్ళి, 30న 8281 దగ్గర ముగిసి, ఏప్రిల్ 3న 8083.80 దగ్గర ముగిసింది. ఆ రోజు లో 8055.80. మీ ఆర్డర్ 8036.95 దగ్గర ఉంటే 19 పాయింట్ల తేడాతో దక్కలేదు. ఏప్రిల్ 7న క్లోజ్ 8792.20.

వరంగల్_వాసి

19 పాయింట్లు! గది చూసే దినం నిద్ర పట్టదు.

స్టాప్‌లాస్_సుబ్బమ్మ

అందుకే నేను సగం క్లోజ్ దగ్గర, సగం వెనక్కి వస్తే అని పెడతాను. మొదటి సగం 185 యూనిట్లు 25నే దొరికేవి. రెండో సగం దొరికేది కాదు. ఏప్రిల్ 3 సాయంత్రం మొదటి సగం కూడా నష్టంలోనే ఉంది, యూనిట్‌కి 2 రూపాయల 34 పైసలు. స్టాప్ మాత్రం 570 పాయింట్ల కింద అలాగే ఉంది.